కట్ట తెగితే నష్టం ఎవరిది?

కార్వేటినగరం ఇప్పుడు చిత్తూరు జిల్లాలో ఉంది. బ్రిటిష్ వాళ్ల కాలంలో అది ఉత్తర ఆర్కాటు జిల్లాలోని ఒక జమీందారీ. ఒకసారి కుండపోత వాన కురిసి ఆ జమీందారీ చెరువులు తెగాయి. ఆ నీళ్లు పోయి మద్రాసు రైల్వే కంపెనీ లైను మీద పడ్డాయి, కట్టడాలు దెబ్బతిన్నాయి. నష్టం కట్టివ్వాలంటూ కంపెనీ జమీందారు మీద దావా వేసింది. కింది కోర్టు, మద్రాసు హైకోర్టు దాటుకుని ఆ దావా లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. 1874లో అక్కడ తీర్పు వచ్చింది.

లా కాలేజీలో మొదటి ఏడు టార్ట్స్ చదివే పిల్లలకు ఈ కేసు ఎక్కువగా ఒక్క వాక్యంలో ఎదురవుతుంది, అదీ మినహాయింపుల జాబితాలో ఎక్కడో చివర. అంత పొదుపుగా దాటేయాల్సిన కేసు కాదిది. నిర్లక్ష్యం ఒకటి, కఠిన బాధ్యత ఒకటి. నష్టపరిహారం కట్టించడానికి ఉన్న ఈ రెండు దారులు ఎక్కడ విడిపోతాయో నాకు తెలిసినంతలో ఈ చెరువుల కేసు చూపించినంత బాగా మరేదీ చూపించదు.

ముందు ఒక మాట. టార్ట్ కేసులో ఎవరినీ జైలుకు పంపరు. ఒకరికి నష్టం జరిగింది. ఆ నష్టాన్ని వాళ్లనే భరించమనాలా, లేక ఇంకొకరి చేత కట్టించాలా? కోర్టు తేల్చేది ఇంతవరకే. మామూలుగానైతే ఎవరికి జరిగిన నష్టం వాళ్లే భరించాలి. అవతలివాళ్ల నెత్తిన వేయాలంటే అందుకు తగిన కారణం చూపించాలి. ఆ కారణాల్లో ఎక్కువగా కనిపించేది నిర్లక్ష్యం.

నిర్లక్ష్యం అని ఫిర్యాదు చేసే మనిషి మూడు విషయాలు రుజువు చేసుకోవాలి. అవతలి వ్యక్తికి తన పట్ల జాగ్రత్తగా ఉండాల్సిన విధి ఉందని, ఆ విధిని అతను తప్పాడని, ఆ తప్పడం వల్లే తనకు నష్టం కలిగిందని. పుస్తకంలో మూడూ సమానంగా కనిపిస్తాయి గానీ, కోర్టులో పోరాటమంతా చాలాసార్లు రెండోదాని చుట్టూనే తిరుగుతుంది. జాగ్రత్త అంటే ఎంత జాగ్రత్త? 1856లో ఇంగ్లండులో వచ్చిన బ్లైత్ వర్సెస్ బర్మింగ్‌హామ్ వాటర్‌వర్క్స్ తీర్పు దీనికి ఇప్పటికీ చెప్పుకునే కొలత ఇచ్చింది. మంటలార్పడానికి నీళ్లు తీసుకునేందుకు ఆ కంపెనీ వీధి గొట్టాలకు బిరడాలు పెట్టింది. పాతికేళ్లపాటు అవి బాగానే పనిచేశాయి. 1855 చలికాలంలో ఎన్నడూ లేనంత మంచు పడి, గొట్టం దగ్గర నుంచి నీళ్లు లీకై బ్లైత్ ఇంట్లోకి వచ్చాయి. కంపెనీ బాధ్యురాలు కాదంది కోర్టు. వివేకం ఉన్న మామూలు మనిషి చేసే పని మానడం, చేయని పని చేయడం నిర్లక్ష్యం. మామూలు చలికాలాలకు సరిపడా ఏర్పాటు చేసుకున్నవాడు, అంతకుముందెప్పుడూ రానంత చలికి ఏర్పాటు చేయలేదని తప్పు పట్టలేం.

ఇక్కడ విద్యార్థి పట్టుకోవాల్సింది ఒకటి. బ్లైత్ ఇంట్లోకి నీళ్లు రావడం నిజం, ఆ నీళ్లు కంపెనీవే కావడం నిజం, ఇల్లు పాడవడం నిజం. అయినా పైసా రాలేదు. నిర్లక్ష్యం సూత్రం నీళ్ల వంక చూడదు, నీళ్లను పెట్టిన మనిషి నడత వంక చూస్తుంది. నడతలో తప్పు లేకపోతే నష్టం పడినచోటే ఉండిపోతుంది.

ఈ తీర్పు వచ్చిన నాలుగేళ్లకే, 1860 డిసెంబర్‌లో, లాంకషైర్‌లో ఇంకోచోట నీళ్లు పొంగాయి. జాన్ రైలాండ్స్ అనే మిల్లు యజమాని తన మిల్లు అవసరం కోసం ఒక జలాశయం కట్టించాడు. స్వయంగా కట్టలేదు. పేరున్న ఇంజనీరును, కాంట్రాక్టర్లను పెట్టుకున్నాడు. తవ్వుతుంటే అడుగున పూడిపోయిన పాత గని బావులు బయటపడ్డాయి. పని చేసేవాళ్లు వాటిని గట్టిగా మూసే శ్రమ తీసుకోలేదు. జలాశయంలో నీళ్లు నింపగానే ఒక బావి అడుగు తెగింది. నీళ్లు పాత సొరంగాల గుండా పారి, పక్కన థామస్ ఫ్లెచర్ నడుపుతున్న బొగ్గు గనిని ముంచేశాయి.

ఇప్పుడు ఫ్లెచర్ లాయరు స్థానంలో కూర్చుని ఆలోచించండి. రైలాండ్స్ నిర్లక్ష్యం చేశాడా? పని తెలిసినవాళ్లకే పని అప్పగించాడు. అడుగున బావులున్న సంగతి అతనికి తెలియదు. నిర్లక్ష్యం చేసింది కాంట్రాక్టర్లు. కానీ వాళ్లు అతని జీతగాళ్లు కారు, స్వతంత్రంగా పని ఒప్పుకున్నవాళ్లు. అలాంటివాళ్ల తప్పు మామూలుగా పని అప్పగించినవాడికి చుట్టుకోదు. నిర్లక్ష్యం దారిలో వెళ్తే రైలాండ్స్ మీద ఫ్లెచర్ కేసు అక్కడితో ఆగిపోయేది.

1866లో జస్టిస్ బ్లాక్‌బర్న్ ప్రశ్నే మార్చేశారు. తన సొంత ప్రయోజనం కోసం ఒక వస్తువును తన భూమిలోకి తెచ్చి పోగుచేసినవాడు, అది బయటపడితే హాని చేసే వస్తువైనప్పుడు, దాన్ని లోపలే ఉంచే పూచీ తానే మోయాలి. బయటపడిందా, దాని సహజ ఫలితంగా వచ్చిన నష్టమంతా అతనే కట్టాలి. ఎంత జాగ్రత్తగా ఉన్నాడన్నది అడగనక్కర్లేదు. 1868లో ప్రభువుల సభ ఈ సూత్రాన్ని సమర్థిస్తూ, లార్డ్ కెయిర్న్స్ మాటగా ఒక షరతు కలిపింది: ఆ భూమిని వాడుకున్న తీరు సహజమైనది కాకూడదు. నేల మీద దానంతట అది నిలిచిన నీరు పల్లానికి పారితే పక్కవాడు భరించాల్సిందే. తెచ్చి నింపిన నీరు వేరు.

దీన్నే కఠిన బాధ్యత అంటున్నాం. పేరు చూసి ఇది తప్పించుకోలేని బాధ్యత అనుకోకూడదు, దీనికీ తలుపులున్నాయి. నష్టపోయినవాడి తప్పు వల్లే అది జరిగి ఉంటే, అతని సమ్మతితోనే ఆ వస్తువు అక్కడ ఉండి ఉంటే, ఎవరూ ఊహించలేని ప్రకృతి విపత్తు అయితే, సంబంధం లేని మూడోవ్యక్తి చేసిన పని అయితే, చట్టమే అధికారం ఇచ్చి చేయించిన పని అయితే బాధ్యత ఉండదు. తేడా ఏమిటంటే, ఈ మినహాయింపులను రుజువు చేసుకునే భారం ప్రతివాదిది. ‘నేను జాగ్రత్తగానే ఉన్నాను’ అన్నది మాత్రం ఆ జాబితాలో లేదు.

ఇక కార్వేటినగరం చెరువుల దగ్గరికి రావచ్చు. తీర్పు వచ్చి ఆరేళ్లే అయింది. రైల్వే కంపెనీ లాయర్లు సహజంగానే రైలాండ్స్ కేసునే పట్టుకున్నారు. చెరువు కూడా తెచ్చి నిలిపిన నీరే కదా. కట్ట తెగింది, నీళ్లు బయటికొచ్చాయి, మా లైను పాడైంది. జమీందారు ఎంత జాగ్రత్తగా ఉన్నాడో మాకు అనవసరం అన్నారు.

ప్రివీ కౌన్సిల్ ఒప్పుకోలేదు. కారణం నీళ్లలో లేదు, ‘సొంత ప్రయోజనం’ అన్న మాటలో ఉంది. రైలాండ్స్ తన మిల్లు కోసం జలాశయం కట్టుకున్నాడు, వద్దనుకుంటే మానేసేవాడు. కార్వేటినగరం చెరువులు అలాంటివి కావు. అవి పూర్వకాలం నుంచి ఉన్నవి. వాటి కింద ఎందరో రైతుల సాగు ఉంది. వాటిని తీసేసే హక్కు జమీందారుకు లేదు. పైగా జమీందారీతో పాటే వాటిని కాపాడి, మరమ్మతులు చేయించే బాధ్యత కూడా ఆయన మీద పడింది. ఒకప్పుడు ప్రభుత్వాలు మోసిన ఈ బాధ్యత చాలాచోట్ల జమీందార్లకు సంక్రమించిందని న్యాయమూర్తులు గుర్తించారు. చెరువు నిలపడం ఈయన విధి అయితే, లైను నిలపడం రైల్వే కంపెనీ విధి, రెండూ ఒక కోవలోవే అన్నారు. ఈ పోలిక నాకు చాలా ఇష్టం. నిప్పురవ్వలు చిమ్ముకుంటూ పొలాల మధ్య రైళ్లు నడిపే కంపెనీ, తన జాగ్రత్త తాను తీసుకుంటే చాలునన్న రక్షణలో ఉంటుంది. అదే రక్షణ చెరువులు కాచేవాడికి ఇవ్వొద్దని ఆ కంపెనీ ఎలా అడగగలదు?

కాబట్టి జమీందారు నిర్లక్ష్యం చేసి ఉంటేనే బాధ్యుడు. చేశాడా? తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాడని, అసాధారణమైన వరద వల్లే చెరువులు తెగాయని కింది కోర్టులు సాక్ష్యం చూసి తేల్చాయి. రైల్వే ఓడిపోయింది.

ఇదే కేసు ఫలితం మారాలంటే సాక్ష్యంలో ఏముండాలో ఊహిస్తే నిర్లక్ష్యం అంటే ఏమిటో చేతికి అందుతుంది. చెరువు నిండాక మిగులు నీరు పోయే దారిని కొన్ని ఊళ్లలో అలుగు అంటారు, కొన్ని ఊళ్లలో మత్తడి అంటారు, చిత్తూరు వైపు మొరవ అంటారు. ఇంకో నాలుగు రోజులు నీళ్లు నిలవాలని మొరవ మీద రాళ్లు పేర్చి ఎత్తు పెంచారనుకోండి. చేపల కోసం దానికి అడ్డంగా వలలు కట్టి, వరదకు కొట్టుకొచ్చిన చెత్తంతా వాటికి చుట్టుకుందనుకోండి. లేదా కట్టకు ఎలుక బొరియలు పడి, బయటి వాలున చెమ్మ కనిపిస్తోందని రైతులు ముందే చెప్పినా పట్టించుకోలేదనుకోండి. అప్పుడు ‘పెద్ద వాన’ అన్న సమాధానం చెల్లదు. మొరవ తెరిచి ఉంటే, బొరియలు పూడ్చి ఉంటే ఆ వానకు కట్ట నిలిచేదా అని కోర్టు అడుగుతుంది. నిలిచేది అని తేలితే నిర్లక్ష్యం రుజువైనట్టే. ఏం చేసినా తెగేదే అని తేలితే, తప్పు ఉన్నా ఆ తప్పు వల్ల నష్టం వచ్చినట్టు కాదు. విధి తప్పడం వేరు, దానివల్లే నష్టం రావడం వేరు. పరీక్షలో చాలామంది ఈ రెండో మెట్టు రాయకుండానే తీర్పు చెప్పేస్తారు.

రెండు సూత్రాలకూ సరిహద్దు వేసే ఇంకో మాట ‘బయటపడటం’. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లండులోని ఒక ఆయుధ కర్మాగారంలో తనిఖీకి వెళ్లిన ఉద్యోగిని ఫిరంగి గుండు పేలి గాయపడింది. రీడ్ వర్సెస్ లయన్స్ అనే ఆ కేసులో ఆమె కంపెనీ నిర్లక్ష్యాన్ని ఆరోపించలేదు, కఠిన బాధ్యత మీదే నిలబడింది. ప్రభువుల సభ 1946లో కాదంది. పేలుడు గోడల లోపలే జరిగింది, ఏదీ ఆ స్థలం దాటి బయటికి పోలేదు, కాబట్టి రైలాండ్స్ సూత్రం వర్తించదు. గేటు బయట నడుస్తున్న మనిషికి వర్తించే సూత్రం, లోపల పనిచేసే మనిషికి వర్తించకుండా పోయింది. ఇది అన్యాయంగా లేదా అని ఎవరికైనా అనిపిస్తుంది. మన సుప్రీంకోర్టుకూ అలాగే అనిపించింది. అక్కడికి వెళ్లేముందు కరెంటు తీగ కేసు ఒకటి చూడాలి, ఎందుకంటే మన ఊళ్లలో ఈ సూత్రం ఎక్కువగా పనికొచ్చేది అక్కడే.

1997 ఆగస్టులో మధ్యప్రదేశ్‌లో ఒక కార్మికుడు రాత్రి పని ముగించుకుని సైకిలు మీద ఇంటికి వస్తున్నాడు. వాన పడి రోడ్డు మీద నీళ్లు నిలిచాయి. ఆ నీళ్లలో తెగిపడిన తీగ ఉంది, అందులో కరెంటు ఉంది. చీకట్లో అది కనిపించలేదు. సైకిలు తీగకు తగిలింది, మనిషి అక్కడికక్కడే చనిపోయాడు. భార్య, చిన్న కొడుకు విద్యుత్ బోర్డు మీద దావా వేశారు. బోర్డు సమాధానం ఏమిటంటే, ఆ తీగ మేము వేసింది కాదు, ఎవరో మా లైను నుంచి దొంగతనంగా కరెంటు లాక్కోవడానికి వేసుకున్నారు.

ఆ కుటుంబం నిర్లక్ష్యం దారిలో వెళ్తే ఏం రుజువు చేయాలి? తీగ ఎప్పటి నుంచి ఉంది, బోర్డువాళ్లకు ఎప్పుడు తెలిసింది, లైను చూసుకునే మనిషి చివరిసారి ఎప్పుడు వచ్చాడు, తీగ తెగినా సరఫరా ఎందుకు ఆగలేదు. ఈ వివరాలన్నీ బోర్డు ఆఫీసు రికార్డుల్లోనే ఉంటాయి, చనిపోయిన మనిషి భార్య చేతిలో ఒక్క కాగితమూ ఉండదు. ఎంతో కష్టపడి ఇదంతా తేల్చినా, మధ్యలో దొంగ తీగ వేసినవాడు అడ్డొస్తాడు.

2002లో సుప్రీంకోర్టు దీన్ని కఠిన బాధ్యతగానే చూసింది. ప్రమాదకరమైన శక్తిని సరఫరా చేసే సంస్థ, తీసుకోవాల్సిన జాగ్రత్తలన్నీ తీసుకున్నా, దానివల్ల ప్రాణం పోతే పరిహారం కట్టాల్సిందే అంది. మూడోవ్యక్తి దొంగతనం అన్న వాదననూ తోసిపుచ్చింది. కరెంటు దొంగిలించకుండా చూసుకోవడం, తెగిన తీగలో కరెంటు నిలవకుండా తగిన పరికరాలు పెట్టుకోవడం సరఫరా చేసేవాళ్ల పనే అని చెప్పింది. ఇక్కడ ఒక మినహాయింపు ఎలా కుంచించుకుపోయిందో గమనించండి. మూడోవ్యక్తి చేసే పని ముందే ఊహించగలిగినదైతే, దాన్ని ఆపే అవకాశం ప్రతివాది చేతిలో ఉంటే, ఆ తలుపు మూసుకుపోతుంది. ఇలాంటి దావా రాసే లాయరు రెండు దారులనూ వాదపత్రంలో పెడతాడు. కఠిన బాధ్యత ముందు, అది నిలవకపోతే నిర్లక్ష్యం. ఒకదాన్ని ఎంచుకుని రెండోదాన్ని వదులుకోవాల్సిన పని లేదు.

ఇక మిగిలింది ఫ్యాక్టరీల సంగతి. 1985 డిసెంబర్‌లో ఢిల్లీలో శ్రీరామ్ కంపెనీ నుంచి ఓలియం వాయువు లీకైంది. భోపాల్ జరిగి ఏడాదే అయింది. ఎం.సి. మెహతా కేసుగా మనం చదివే ఆ వ్యాజ్యంలో, 1986 డిసెంబర్‌లో జస్టిస్ భగవతి నాయకత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం రైలాండ్స్ సూత్రం ఈ కాలపు ప్రమాదకర పరిశ్రమలకు చాలదంది. ప్రమాదకరమైన పని చేసే పరిశ్రమ వల్ల ఎవరికి హాని జరిగినా, వాళ్లు గోడ లోపలున్నా బయటున్నా, బాధ్యత ఆ పరిశ్రమదే. ప్రకృతి విపత్తు, మూడోవ్యక్తి లాంటి మినహాయింపులేవీ ఉండవు. పరిహారం ఎంతన్నది కంపెనీ స్తోమతను బట్టి కూడా నిర్ణయిస్తారు, పెద్ద కంపెనీ అయితే ఎక్కువ కట్టాలి. దీనికి సంపూర్ణ బాధ్యత అని పేరొచ్చింది. రీడ్ కేసులో గోడ లోపల మిగిలిపోయిన మనిషికి భారతదేశంలో ఈ తీర్పుతో చోటు దొరికింది.

విశాఖపట్నంలో ఈ తేడా కళ్లెదుట కనిపించింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్ల రూపాయలు జమ చేయమని కంపెనీని ఆదేశించింది. ఆ ఉత్తర్వులో వాడిన మాట ‘కఠిన బాధ్యత’. ప్రమాదకర పరిశ్రమకు చెప్పాల్సింది సంపూర్ణ బాధ్యత కదా అని న్యాయశాస్త్రం చదివినవాళ్లు వెంటనే ప్రశ్నించారు. అది పట్టింపు కోసం వేసిన ప్రశ్న కాదు. కఠిన బాధ్యతే అయితే ఏదో ఒక మినహాయింపు కింద దూరే అవకాశం కంపెనీకి ఉంటుంది. జూన్ 1 నాటి ఉత్తర్వులో ట్రిబ్యునల్ సంపూర్ణ బాధ్యత అని స్పష్టంగా రాసింది.

నిర్లక్ష్యం విచారణ ఆ తర్వాత వేరే దారిలో జరిగింది. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ జూలైలో నివేదిక ఇచ్చింది. ఎం6 అనే ట్యాంకులో స్టైరీన్ వేడెక్కింది. ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగున మాత్రమే ఉంది. గట్టిపడకుండా ఆపే రసాయనం తగినంత కలపలేదు. లీకైనప్పుడు సైరన్ మోగలేదు. ఇవన్నీ కంపెనీ తప్పులేనని కమిటీ తేల్చింది. నివేదిక వచ్చిన వెంటనే కంపెనీ అధికారులను పోలీసులు అరెస్టు చేశారు. క్రిమినల్ కేసుకు ఆ తప్పులు ఒక్కొక్కటీ కావాలి, ఎందుకంటే అక్కడ మనిషి నడతను రుజువు చేయకుండా శిక్ష వేయలేరు. జమ చేయమన్న 50 కోట్ల ఉత్తర్వు మాత్రం వాటిలో ఒక్కటి కూడా తేలకముందే, రెండు నెలల ముందే వచ్చింది.